వంతులు లేని ఆట

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు హైదరాబాద్‌లో నేను ల్యాప్‌టాప్ తెరిచేసరికి, ఎండాకాలమైతే, న్యూజెర్సీలో పొద్దున పదకొండు, డాలస్‌లో పది, కాలిఫోర్నియాలో ఎనిమిది. స్క్రీన్ మీద ఎనిమిది కిటికీలు తెరుచుకుంటాయి. ఒక్కో కిటికీలో ఆరేళ్ళో ఏడేళ్ళో ఉన్న ఒక తెలుగు బిడ్డ. ఒకరు అప్పుడే నిద్ర లేచి పాలగ్లాసుతో కూర్చుంటారు, ఇంకొకరు ఈతకొలను నుంచి తడిజుట్టుతో వస్తారు. నలభై నిమిషాల తెలుగు తరగతి. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడితే సగం సగం అర్థమవుతుంది కానీ తిరిగి జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది, అలాంటి పిల్లలు వీళ్ళు.

మొదటి ఏడాది నేను బడిలో చెప్పినట్టే చెప్పాను. ఆ రోజు పాఠం మీద, కింద, పక్కన, లోపల, వెనక. స్క్రీన్ మీద పిల్లి బొమ్మ పెట్టి, "పిల్లి ఎక్కడ ఉంది?" అని ఒక్కొక్కరినీ వరసగా అడిగాను. మొదటి పాప "బల్ల మీద" అంది. రెండో బాబు మ్యూట్ తీయడానికి కాసేపు తడుముకుని "కింద" అన్నాడు. అయిదో పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి అతని కిటికీలో కుర్చీ ఒక్కటే ఉంది. ఏడో పాప ముఖం మీద నీలిరంగు, పసుపురంగు వెలుతురు మారుతూ ఉంది. అంటే ఇంకో కిటికీలో ఏదో వీడియో నడుస్తోంది. తరగతి అయ్యాక అయిదో పిల్లవాడి తల్లి నాకు మెసేజ్ పెట్టారు: "టీచర్ గారూ, వీడికి బొత్తిగా ఏకాగ్రత లేదండీ, ఏం చేయమంటారు?"

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. ఒక్కొక్కరికి అరనిమిషం చొప్పున ఎనిమిది మందిని అడగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్కో బిడ్డకు పని ఉన్నది అరనిమిషం. మిగతా మూడున్నర నిమిషాలూ ఊరికే ఆగడం. బడిలో అయితే ఆగడం ఇంత కష్టం కాదు. పక్కవాడి మోచెయ్యి తగులుతుంది, వాడు తప్పు చెబితే నవ్వొస్తుంది, టీచరు చూపు తిరిగి తిరిగి మన మీద పడుతుంది. వీడియో కాల్‌లో ఆ ఊతాలేవీ ఉండవు. అగ్గిపెట్టెంత బొమ్మలో ఎవరో ఏదో అంటుంటారు, చుట్టూ సొంత గది నిండా బొమ్మలుంటాయి. ఆ అయిదో పిల్లవాడే అదే గదిలో ప్లాస్టిక్ ఇటుకలతో గంటసేపు కదలకుండా వంతెన కడతాడని వాళ్ళమ్మే చెప్పారు. వాడి ఏకాగ్రతకు ఏమీ కాలేదు. మూడున్నర నిమిషాలు ఏ పనీ ఇవ్వకుండా కూర్చోమంటే కూర్చోలేకపోయాడు, అంతే.

వయసును రెండుతోనో మూడుతోనో గుణిస్తే పిల్లవాడు ఎన్ని నిమిషాలు నిలకడగా ఉంటాడో తెలుస్తుందనే లెక్క ఒకటి టీచర్ల మధ్య చెలామణిలో ఉంది. నాకు దాని మీద నమ్మకం లేదు. పిల్లవాడు ఎంతసేపు కూర్చుంటాడన్నది వాడి చేతికి పని ఎంత తరచుగా వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకని నేను ఒకే నియమం పెట్టుకున్నాను: ఏ ఆటలోనైనా పని లేని కిటికీ ఒక్కటి కూడా ఉండకూడదు.

అయితే అందరిచేతా ఒకేసారి చెప్పిస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకుని అందరి మ్యూట్ తీయించి, "ఒకటి, రెండు, మూడు, చెప్పండి!" అన్నాను. వినిపించింది రణగొణధ్వని. దీనికి కారణం పిల్లల అల్లరి కాదు, దూరం. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు గీత గీసినట్టు వెళ్ళినా సుమారు 14 వేల కిలోమీటర్లు. అంటే నా మాట అక్కడికి చేరడానికి సెకనులో పద్నాలుగో వంతు పడుతుంది, జవాబు తిరిగి రావడానికి మళ్ళీ అంత. అసలు తీగలు గీత గీసినట్టు పోవు. సముద్రాల చుట్టూ తిరిగి వస్తాయి. ఆ పైన మాటను ముక్కలు చేసి పంపి, అవతల మళ్ళీ అతికించడానికి కంప్యూటరు తీసుకునే సమయం ఉంటుంది. ఎదురెదురుగా కూర్చున్న మనుషుల్లో ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలవడానికి సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే పడుతుందని, పది భాషలను పోల్చిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. మన సంభాషణకు ఉన్న లయ అంత సన్ననిది. వీడియో కాల్ దాన్ని తెంపేస్తుంది. పైగా కాల్ నడిపే సాఫ్ట్‌వేర్ ప్రతిధ్వని రాకుండా, గోల వినపడకుండా జల్లెడ పడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి గొంతు సగంలో మింగుడు పడిపోతుంది. కలిసి పాడటం, కలిసి చప్పట్లు కొట్టడం, ముందు చెప్పినవాళ్ళకు మార్కు అనే పోటీలు, ఇవన్నీ ఈ కారణంగానే వీడియో కాల్‌లో చెడిపోతాయి. ముందు చెప్పింది ఎవరో నాకు తెలిసే వీలే లేదు. కాలిఫోర్నియా పిల్లవాడు నిజంగా ముందే చెప్పి ఉండవచ్చు, నాకు మాత్రం ముందుగా న్యూజెర్సీ పాప వినిపిస్తుంది. ఆరేళ్ళవాడికి ఆ అన్యాయం ఎలా వివరిస్తాం?

చెవికి కుదరని పని కంటికి కుదురుతుంది. ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడితే ఒక్కటీ వినలేను కానీ, ఎనిమిది మంది ఒకేసారి ఏదైనా చూపిస్తే రెండు సెకన్లలో అందరినీ చూడగలను. అక్కడి నుంచి పుట్టిందే మా చెంచా ఆట.

ప్రతి బిడ్డ దగ్గరా ఒక చెంచా, ఒక స్టీలు గ్లాసు. నేను "చెంచా తల మీద" అంటాను. అందరూ చెంచాను నెత్తిన పెట్టుకోవాలి. "చెంచా గడ్డం కింద", "చెంచా చెవి పక్కన", "చెంచా గ్లాసు లోపల". బల్లనో కుర్చీనో చోటుగా పెట్టుకోకుండా తలను, గడ్డాన్ని వాడటానికి కారణం ఉంది. ల్యాప్‌టాప్ కెమెరాకు కనిపించేది మెడ పైభాగమే. బల్ల కింద పెడితే పెట్టారో లేదో నాకు తెలియదు. "చెంచా వీపు వెనక" అన్నప్పుడు మాత్రం చెంచా మాయమవాలి, మాయమైతేనే జవాబు సరైనట్టు. పిల్లలకు అన్నిటికంటే నచ్చేది అదే. ఒక్కో ఆదేశానికి పద్దెనిమిది సెకన్లు పట్టినా మూడు నిమిషాల్లో పది అవుతాయి. ఎనిమిది మంది, పది జవాబులు, మొత్తం ఎనభై. వంతులవారీగా అడిగినప్పుడు నాలుగు నిమిషాల్లో నాకు వచ్చినవి ఎనిమిదే.

మొదటివారం ఆట బ్రహ్మాండంగా నడిచిందని సంబరపడ్డాను. రెండోవారం గమనించాను, ఒక పాప చెంచా ప్రతిసారీ అందరికంటే ఒక్క క్షణం వెనకగా కదులుతోంది. నెట్ నెమ్మదేమో అనుకున్నాను. పరీక్షించడానికి "చెంచా గడ్డం కింద" అని పలుకుతూ, నేను మాత్రం నా చెంచాను తల మీద పెట్టుకున్నాను. ఆ పాప చెంచా కూడా తల మీదికి వెళ్ళింది. అంటే ఆ బిడ్డ నా మాట వినడం లేదు, నన్నూ పక్క కిటికీలనూ చూసి చేస్తోంది. ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. స్క్రీన్ మీద ఎనిమిది జవాబులు వరసగా పేర్చి ఉంటే చూడకుండా ఎవరుంటారు? నేనే ఆట మార్చాను. మాట వినగానే అందరూ కళ్ళు మూసుకుని చెంచా పెట్టాలి, నేను "తెరవండి" అన్నాకే చూడాలి. ఆ రోజు తెలిసింది, ఆ పాపకు అయిదు మాటల్లో రెండే వచ్చని. అంతకుముందు మూడు వారాలు వంతులవారీగా అడిగినప్పుడు ఆ బిడ్డకు ఎప్పుడూ "మీద" అనే బొమ్మే తగిలింది. నాకు తెలియనే లేదు.

ఇక్కడ పనిముట్ల సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే చాలా ఆటలు వీటి దగ్గరే ఆగిపోతాయి. జవాబు రాసి చూపించే ఆట మొదలుపెట్టినప్పుడు పిల్లలు అట్టముక్క మీద అక్షరం రాసి, చూపించబోయి, వెంటనే తిప్పేసేవాళ్ళు. "నాది ఉల్టా వచ్చింది టీచర్!" అని ఒక పాప కన్నీళ్ళు పెట్టుకుంది. జూమ్‌లో ఎవరి బొమ్మ వాళ్ళకు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది, ఎదుటివాళ్ళకు మాత్రం తిన్నగానే కనిపిస్తుంది. బిడ్డ తన కిటికీలో చూసి అక్షరం తిరగబడిందనుకుని అట్ట తిప్పేస్తుంది, మాకేమో ఖాళీ అట్ట కనిపిస్తుంది. వీడియో సెట్టింగ్స్‌లో `Mirror my video` అన్నదాన్ని తీసేస్తే సరి. ఇంకా మేలైనది, బిడ్డ బొమ్మ మీద నొక్కి `Hide Self View` పెట్టడం. తన ముఖం తనకు కనపడనప్పుడు జుట్టు సర్దుకోవడం, వెక్కిరించుకోవడం తగ్గుతుంది. వీడియో కాల్స్ పెద్దవాళ్ళను ఎందుకు అలసిపోయేలా చేస్తాయో 2021లో వివరించిన స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ చెప్పిన నాలుగు కారణాల్లో, తనను తాను అదేపనిగా చూసుకోవడం ఒకటి. ఒకేచోట కదలకుండా కూర్చోవలసి రావడం మరొకటి.

ఇంకో మాయ, అంతరిక్షమో సముద్రమో వెనక పెట్టుకునే వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్. పిల్లలకు అదంటే ప్రాణం. కానీ ఆ సాఫ్ట్‌వేర్ మనిషి ఆకారాన్ని మాత్రమే ఉంచి మిగతాదంతా చెరిపేస్తుంది. చేత్తో పట్టుకున్న చెంచా కూడా చాలాసార్లు సముద్రంలో మునిగిపోతుంది. ఆట ఉన్నంతసేపు దాన్ని తీసేయమని తల్లిదండ్రులకు ముందే చెబుతాను. అలాగే ఎవరి స్క్రీన్ మీద కిటికీల వరస వాళ్ళది. "నీ పక్కనున్నవాళ్ళకు బంతి ఇవ్వు" అంటే ఒక్కొక్కరు ఒక్కో వైపు ఇస్తారు. టీచరు కిటికీలను తనకు కావలసిన వరసలో పేర్చి, `Follow Host's Video Order` పెడితే అందరికీ అదే వరస కనిపిస్తుంది. ఆ వరస తప్పనిసరైన ఆటలు నేను తక్కువే ఆడిస్తాను. మధ్యలో ఒకరి నెట్ పోతే చాలు, వరస మారిపోతుంది.

చెంచా ఆటకు ఒక లోపం ఉందని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. పిల్లలు వింటున్నారు, నవ్వుతున్నారు, కదులుతున్నారు. ఒక్క తెలుగు మాట కూడా పలకడం లేదు. ఆన్‌లైన్ ఆటలన్నిటికీ పొంచి ఉన్న ప్రమాదం ఇదే. తరగతి కళకళలాడుతుంది, నేర్చుకోవలసిన పని మాత్రం ఎవరూ చేయరు. వస్తువుల వేట కూడా అంతే. "ఎర్రగా ఉన్నది ఏదైనా తీసుకురండి" అంటే ఎనిమిది మంది పరుగెత్తుకెళ్ళి ఎర్రటి లంచ్ బాక్సు తెచ్చి, నోరు విప్పకుండా చూపిస్తారు. మాట పలికించాలంటే మ్యూట్ తీయాలి, తీస్తే మళ్ళీ వంతు. ఈ చిక్కుముడి నన్ను రెండు నెలలు వేధించింది.

విప్పింది ఒక బాబు. మ్యూట్ తీయడం మరిచిపోయి ఉత్సాహంగా ఏదో చెబుతున్నాడు. నేను మాట వినపడక వాడి పెదవులనే చూస్తున్నాను. ముందు పెదవులు రెండూ మూసుకున్నాయి, తరువాత పక్కలకు సాగాయి. "మీద" అంటున్నాడు! అప్పుడు తట్టింది, బడిలో నాకు ఏ బిడ్డ పెదవులూ ఇంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదని. వీడియో కాల్ మన దగ్గర నుంచి చాలా తీసుకుంటుంది కానీ, ముఖాన్ని మాత్రం అరచేతి దూరానికి తెచ్చిపెడుతుంది. బడిలో లేనిది, ఇక్కడ ఉన్నది అదొక్కటే.

అప్పటి నుంచి మేం మూగమాట ఆట ఆడుతున్నాం. అందరూ మ్యూట్‌లోనే ఉంటారు. నేను ఒక బొమ్మ చూపిస్తాను, చెట్టు కింద కుక్క. అందరూ ఒకేసారి గట్టిగా "కింద" అని పలకాలి. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ గొంతు వినిపిస్తుంది, నాకు పెదవులు మాత్రమే కనిపిస్తాయి. "మీద" అంటే మొదట పెదవులు కలవాలి. "కింద"కు కలవనే కలవవు. "పక్కన"కు కలిసి, తరువాత నోరు బాగా తెరుచుకుంటుంది. "లోపల"కు మొదట గుండ్రంగా తెరుచుకున్న పెదవులు మధ్యలో ఒక్కసారి మూసుకుంటాయి. "వెనక"కు పైపళ్ళు కింది పెదవిని తాకీ తాకనట్టు ఉంటాయి. రెండు మూడు వారాలు చూస్తే టీచరు కంటికి ఇవి అలవాటవుతాయి. తరువాత ఆట తిప్పుతాం. ఒక బిడ్డ మ్యూట్‌లోనే ఒక మాట పలుకుతుంది. మిగతా ఏడుగురూ పెదవులు చూసి, ఆ మాటకు సరిపడేలా చెంచాను చూపించాలి. పలికే బిడ్డకు, తన మాట ఎదుటివాళ్ళకు అందాలంటే నోరు బాగా తెరిచి స్పష్టంగా పలకాలని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. గొణిగే పిల్లలు కూడా ఈ ఆటలో గొణగరు.

దీనికీ హద్దులున్నాయి. ల, ళ తేడా పెదవుల మీద కనపడదు, న, ణ తేడా కూడా అంతే. అవన్నీ నోటి లోపల నాలుక చేసే పనులు. వాటిని ఒక్కొక్కరి దగ్గరా విడిగా వినవలసిందే. నెట్ నెమ్మదించి బొమ్మ ముక్కలుముక్కలుగా వస్తున్నప్పుడు పెదవులు అసలే తెలియవు. బిడ్డ వెనక కిటికీ ఉండి ఎండ పడుతుంటే ముఖం నల్లగా నీడలా కనిపిస్తుంది. కర్టెన్ వేస్తే సరిపోతుంది కానీ, ఆ సంగతి ఆట మధ్యలో చెబితే అయిదు నిమిషాలు పోతాయి.

పాత ఆటల్లో వీడియోకు అతికినట్టు సరిపోయేది నాకు ఒకటి దొరికింది, వీరీ వీరీ గుమ్మడిపండు. ఊరిని బట్టి పద్ధతి మారుతుంది కానీ, ఒకరి కళ్ళు మూసి ఎదుట ఉన్నది ఎవరో చెప్పమనడం దాని సారం. మా తరగతిలో ఒక బిడ్డ కుర్చీని వెనక్కి తిప్పి, స్క్రీన్‌కు వీపు పెట్టి కూర్చుంటుంది. కళ్ళు మూసుకుంటే చాలదు. మాట్లాడుతున్నవాళ్ళ కిటికీ చుట్టూ రంగు గీత వెలుగుతుంది, వేళ్ళ సందుల్లోంచి చూస్తే పట్టేయొచ్చు. నేను చప్పుడు చేయకుండా ఒక పేరు రాసిన అట్ట చూపిస్తాను. ఆ పేరుగల పిల్లవాడు గొంతు మార్చి, ముసలివాడిలాగానో పిల్లిలాగానో, "చెంచా గ్లాసు పక్కన ఉంది" అని పూర్తి వాక్యం చెప్పాలి. వీపు తిప్పిన బిడ్డ అది ఎవరి గొంతో చెప్పాలి. మిగతావాళ్ళు ఆ వాక్యంలో ఉన్నట్టే తమ చెంచాను పెట్టి చూపించాలి. చూడండి, చూడటానికి ఇది ఇద్దరి ఆటే, కానీ ఎనిమిది మందికీ పని ఉంది. ఒకేసారి ఒక గొంతే వినపడాలన్న కాల్ స్వభావం కూడా ఇక్కడ మనకు అడ్డం రాదు, ఆట కోరుకునేది కూడా ఒకే గొంతు. పైగా ఒక్క మాటతో గొంతు గుర్తుపట్టడం కష్టం కనుక, "ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు" అని పిల్లలే ఒకరిచేత ఒకరు వాక్యాలు చెప్పించుకుంటారు. నేను అడిగితే మూడు మాటలు దాటని పిల్లవాడు ఈ ఆటలో నాలుగు వాక్యాలు చెప్పాడు.

ఇప్పుడు నలభై నిమిషాల తరగతి ఎలా గడుస్తుందో చెబుతాను. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం నలభై నిమిషాలకు ఆగిపోతుంది కనుక చాలామంది టీచర్లకు ఆ కొలత అలా వచ్చింది. ఆరేడేళ్ళ వాళ్ళకు అది చాలు కూడా. 2020 జులైలో మన కేంద్రప్రభుత్వం ప్రజ్ఞాత పేరుతో ఇచ్చిన ఆన్‌లైన్ తరగతుల మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు రోజుకు రెండు విడతలే ఉండాలని, ఒక్కో విడత ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాలు దాటకూడదని చెప్పాయి. మొదటి నాలుగైదు నిమిషాలు పలకరింపులకు, చెంచా గ్లాసు వెతుక్కోవడానికి పోతాయి. తరువాత కూర్చుని ఆడే చెంచా ఆట. పన్నెండో నిమిషం దగ్గర కుర్చీల్లో మెలికలు తిరగడం మొదలవుతుంది, కళ్ళు స్క్రీన్ దాటి పైకి వెళతాయి. అది లేచి నిలబడవలసిన సమయమని నాకు గుర్తు. వస్తువుల వేట అక్కడ పెడతాను.

వేట మీద నాకు చాలా ఫిర్యాదులుండేవి, వాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకోవలసి వచ్చింది. అన్నిటికంటే పెద్దది, వెళ్ళిన పిల్లలు తిరిగి రాకపోవడం. బొమ్మల పెట్టె దగ్గరకు వెళ్ళినవాడు అక్కడే కూర్చుండిపోతాడు. ఇప్పుడు నేను వెళ్ళే ముందే తిరిగి వచ్చి చేయవలసిన పని చెబుతాను: "మెత్తగా ఉన్నది ఒకటి తెచ్చి, తల మీద పెట్టుకుని బొమ్మలా నిలబడాలి." వాళ్ళ మనసులో ఉన్నది వస్తువు కాదు, ఆ బొమ్మలా నిలబడటం. దానికోసం తిరిగి వస్తారు. ముందు వచ్చినవాళ్ళు గెలిచినట్టు అనే నియమం తీసేశాను. దూరం వల్ల వచ్చే ఆలస్యం ఒకటి ఉంది, ఇంకోటి ఇల్లు. ఒకరిది రెండంతస్తుల ఇల్లు, ఒకరిది ఒక గది అపార్ట్‌మెంటు. ఇరవై నుంచి సున్నా దాకా తెలుగులో వెనక్కి లెక్కపెడతాను, సున్నాలోపు వచ్చినవాళ్ళందరూ గెలిచినట్టే. ఈ లెక్కవల్ల పిల్లలకు పదకొండు నుంచి ఇరవై దాకా అంకెలు నేను పాఠంగా చెప్పకుండానే వచ్చేశాయి. ఒకసారి ఒక బాబు "నీ ఇంట్లో అన్నిటికంటే పెద్దది చూపించు" అన్నందుకు కెమెరాను ఇల్లంతా తిప్పాడు. వాళ్ళ నానమ్మ పూజలో ఉన్నారు. అప్పటి నుంచి వస్తువే కెమెరా దగ్గరకు రావాలి, కెమెరా కదలకూడదన్నది మా తరగతిలో గట్టి నియమం.

పరుగుల తరువాత ఊపిరి తీసుకోవడానికి మూగమాట. చివరి పది నిమిషాలు వీరీ వీరీ గుమ్మడిపండు. మధ్యలో అయిదారు నిమిషాలు నేను కథ చెబుతుంటే వాళ్ళు బొమ్మ గీస్తారు. ఆ సమయంలో ఎవరూ స్క్రీన్ వైపు చూడరు. చూడకపోతే వినడం లేదని అనుకోకండి. గీస్తున్న బొమ్మలో కుక్క చెట్టు కిందే ఉందా లేదా అన్నది చూస్తే విన్నారో లేదో తెలుస్తుంది. చూపు కంటే చేతిలో వచ్చిన పనే నమ్మదగ్గ గుర్తు.

ఓడినవాళ్ళు తప్పుకునే ఆటలు మాత్రం నేను ఆడించను. మైదానంలో ఓడిన పిల్లవాడు గట్టు మీద కూర్చుని కేకలు వేస్తాడు, అదీ ఒక పాత్రే. కాల్‌లో ఓడిన పిల్లవాడు ఒక నొక్కుతో వెళ్ళిపోతాడు. ఎక్కువ తప్పులు చేసే పిల్లలే ముందు ఓడతారు, అంటే అభ్యాసం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే తక్కువ దొరుకుతుంది. వేగానికి మార్కులిచ్చే క్విజ్ ఆటలతోనూ ఇదే చిక్కు. చదవడం ఇంకా కూడబలుక్కునే బిడ్డ ప్రశ్న సగం చదివేలోగా గంట మోగుతుంది. వాటిని పదేళ్ళు దాటినవాళ్ళకు వాడితే తప్పులేదు.

ఈ పద్ధతి ఎంతమందికి పనికివస్తుందని టీచర్లు అడుగుతుంటారు. ఆరేడేళ్ళ వాళ్ళయితే ఎనిమిది, మహా అయితే పది. అంతకు మించితే కిటికీలు చిన్నవై పెదవులు కనపడవు, రెండు సెకన్లలో అందరి చెంచాలూ చూడటం నా కంటికి సాధ్యం కాదు. నాలుగేళ్ళ వాళ్ళకు పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఏ ఆటా నిలవదు. కెమెరా ముందు కూర్చోవడమే భరించలేని పిల్లలు కొందరుంటారు. వాళ్ళకు కెమెరా తిప్పి చేతులు మాత్రం చూపించమని చెబుతాను. చెంచా ఆటకు చేతులు చాలు, తల బదులు పిడికిలి మీద పెడతారు. అయినా కుదరకపోతే ఆ బిడ్డకు వీడియో తరగతి సరిపడదని తల్లిదండ్రులకు చెప్పేస్తాను.

కుర్చీ వదిలి వెళ్ళిపోయిన ఆ అయిదో పిల్లవాడు ఇప్పుడు నలభై నిమిషాలూ ఉంటున్నాడు. కూర్చుని కాదు. సగం తరగతి నిలబడే ఉంటాడు, చెంచాను చెవి పక్కన తిప్పుకుంటూ. దానికి వాళ్ళమ్మ ఇంకా ఇబ్బంది పడుతుంటారు, నాకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. తరగతికి ముందు బిడ్డ దగ్గర చెంచా, గ్లాసు, నాలుగు అట్టముక్కలు, ఒక మార్కర్ పెట్టండి. వెనక కర్టెన్ వేయండి. ఆ తరువాత కెమెరాకు కనపడనంత దూరంలో కూర్చోండి. జవాబు రాక బిడ్డ తడుముకుంటున్నప్పుడు మెల్లగా అందించాలని మీకు అనిపిస్తుంది. దయచేసి అందించకండి. చెంచా తప్పుచోట ఉంటేనే ఆ మాట బిడ్డకు రాలేదని నాకు తెలుస్తుంది, వచ్చే శనివారం ఆ మాటతోనే ఆట మొదలుపెడతాను.